లావు పుస్తకంలో మాటలెన్ని?

మన దగ్గర నవల ఎంత పెద్దదని అడిగితే పేజీల్లో చెబుతాం. నాలుగొందల పేజీలు, ఆరొందల పేజీలు అంటాం. ఇంగ్లీషు పుస్తకాల లోకంలో మాటల లెక్క నడుస్తుంది. హ్యూగో పురస్కారాల్లో 40,000 మాటలుంటేనే నవల విభాగంలోకి వస్తుంది, అంతకన్నా తక్కువైతే నవలికల వైపు వెళ్ళాల్సిందే. నాకు వాళ్ళ పద్ధతే సబబుగా తోస్తుంది. అక్షరం ఒక పాయింటు తగ్గించి, మార్జిన్లు కాస్త బిగిస్తే అదే నవల పేజీలు బాగా తగ్గిపోతాయి. మాటలు మాత్రం ఒక్కటి కూడా తగ్గవు.

సరదాకే కాదు, ఈ లెక్క అవసరమయ్యే వాళ్ళు చాలామందే ఉన్నారు. అనువాదకుడు మాటకింత అని పారితోషికం మాట్లాడుకోవాలి. పాత నవలని మళ్ళీ టైపు చేయించాలనుకునే వాళ్ళు ఎన్నాళ్ళ పనో తేల్చుకోవాలి. ఆడియో పుస్తకం చదివే మనిషి ఎన్ని గంటల రికార్డింగో ముందే చెప్పాలి. కొత్త పుస్తకమైతే ఫైలు తెరిస్తే కంప్యూటరే చెప్పేస్తుంది. 1970లలో అచ్చయిన లావుపాటి నవలకు ఫైలెక్కడిది? మాట మాటా వేలు పెట్టి లెక్కబెట్టే ఓపిక ఎవరికీ ఉండదు, ఉండక్కర్లేదు కూడా. లైనుకెన్ని మాటలు, పేజీకెన్ని లైన్లు, మొత్తం పేజీలెన్ని అన్న మూడు సంగతులు తెలిస్తే పని జరిగిపోతుంది. అయితే మూడూ ఒకేలాంటివి కావు. వీటిలో ఒకటి దాదాపు అందర్నీ మోసం చేస్తుంది.

డెమ్మీ సైజులో అచ్చయిన ఒక నవల తీసుకుందాం. చివరి పేజీ మీద అంకె 640. నిండుగా ఉన్న ఏ పేజీ చూసినా 30 లైన్లున్నాయి. ఇక లైనుకెన్ని మాటలో చూడాలి. ఇక్కడ ఒక్క లైను లెక్కబెట్టి ఊరుకుంటే కుదరదు. తెలుగు లైన్లో మాటల సంఖ్య బాగా ఊగుతుంది. 'ఆ', 'నా', 'ఏం' లాంటి పొట్టి మాటలు పడ్డ లైన్లో తొమ్మిదుంటాయి, 'వెళ్ళిపోతున్నప్పుడల్లా' లాంటివి రెండు పడితే ఆరుకు దిగిపోతాయి. అందుకని వరసగా పది నిండు లైన్లు పట్టుకుని, వాటిలోని మాటలన్నీ కలిపి ఒకేసారి లెక్కబెట్టాలి. మన నవల్లో ఒక పేజీలో పది లైన్లకు 71 మాటలొచ్చాయి. పుస్తకంలో దూరంగా ఉన్న మరో రెండు పేజీల్లో అలాగే చూస్తే ఒకచోట 68, ఇంకోచోట 74. మొత్తం ముప్ఫై లైన్లకు 213 మాటలు, అంటే లైనుకు 7.1.

పది లైన్లను కలిపి లెక్కబెట్టడంలో ఇంకో సుఖముంది. పాత అచ్చు పుస్తకాల్లో లైను చివర మాట పట్టకపోతే దాన్ని మధ్యలో విరిచి, ఒక్కోసారి హైఫన్ కూడా పెట్టకుండా, మిగతా సగాన్ని కింది లైన్లోకి తోసేవారు. లైను లైనుకీ విడిగా లెక్కబెడితే అలాంటి మాట రెండుసార్లు పడుతుంది. మొదలైన లైన్లోనే లెక్కలోకి తీసుకుని, కింది లైన్లో ఉన్న తోకని వదిలేయాలి. లైనుకు ఏడు మాటలే ఉండే చోట ప్రతి లైనుకీ ఒక తోకని కూడా మాటగా కలుపుకుంటే ఏడు కాస్తా ఎనిమిదవుతుంది. పుస్తకం మొత్తం మీద అది చిన్న తేడా కాదు.

ఇప్పుడు తొందరపాటు లెక్క చూడండి. లైనుకు 7.1 మాటలు, పేజీకి 30 లైన్లు, అంటే పేజీకి 213 మాటలు. 640 పేజీలకు 1,36,320. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఈ అంకె తప్పు. కాస్తో కూస్తో అటూ ఇటూ అయిన తప్పు కూడా కాదు, అసలు దానికంటే దాదాపు మూడో వంతు ఎక్కువ. గుణించడంలో పొరపాటేమీ లేదు. లైనుకు 7.1 అన్నదీ సరైనదే. తప్పంతా ఆ ముప్ఫై లైన్లలోనే ఉంది.

నవల్లో ఏ పేజీ అయినా తెరిచి కళ్ళు చిట్లించి చూడండి, అక్షరాలు కాదు, నలుపూ తెలుపూ మాత్రమే కనిపించేలా. కుడి వైపు తెల్లటి గుంతలు కనిపిస్తాయి. ప్రతి పేరా ఆఖరి లైనూ ఎక్కడో మధ్యలో ఆగిపోతుంది. సంభాషణ వచ్చిన చోట 'ఊఁ', 'ఎందుకూ?', 'నాకేం తెలుసు?' అంటూ ఒక్కో లైన్లో రెండు మూడు మాటలే ఉండి, మిగతాదంతా ఖాళీగా ఉంటుంది. ముప్ఫై లైన్లున్న మాట నిజమే కానీ ముప్ఫై నిండు లైన్లు లేవు. దానికి తోడు ప్రతి అధ్యాయమూ పేజీలో మూడో వంతు కిందికి దిగి మొదలవుతుంది, ఆఖరి పేజీలో నాలుగు లైన్లు రాసి వదిలేస్తుంది. ఈ ఖాళీలన్నీ లెక్కను ఒకే వైపు లాగుతాయి. లైనుకు మాటలు లెక్కబెట్టేటప్పుడు జరిగే పొరపాటు ఒకసారి ఎక్కువ వైపు, ఒకసారి తక్కువ వైపు ఉండి కొంత సర్దుకుంటుంది. ఖాళీల వల్ల వచ్చేది సర్దుకోదు, ఎప్పుడూ పెంచి చూపిస్తుంది.

దీనికి మందు పేజీలో ఉన్న లైన్లను నిండు లైన్లలోకి మార్చుకోవడం. ఒక పేజీ తీసుకోండి. అంచు నుంచి అంచు దాకా ఉన్నవి 18. సగం దాకా వచ్చి ఆగినవి 7. పావు వంతే ఉన్నవి 5. పద్దెనిమిదికి మూడున్నర, దాని మీద ఒకటింపావు కలిపితే 22.75. ఆ పేజీలో ఉన్నది ఇరవై మూడు నిండు లైన్ల కన్నా కాస్త తక్కువ సరుకన్నమాట. ముప్పావు వంతు లైన్లను కొన్నింటిని నిండుగా, కొన్నింటిని సగంగా వేసుకున్నా పెద్ద నష్టం లేదు, అవి ఒకదానికొకటి సరిపోతాయి. స్కేలు పెట్టి కొలవక్కర్లేదు, కంటి అంచనా చాలు. ఒక్క పేజీకి అర నిమిషం కూడా పట్టదు.

మరి ఎన్ని పేజీలు ఇలా చూడాలి, ఏవి చూడాలి? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. గిన్నెలోని మెతుకులన్నీ ఒకే నీళ్ళలో, ఒకే మంట మీద ఉడికాయి కనక అక్కడ ఆ మాట చెల్లుతుంది. నవల్లో పేజీలు అలా ఉండవు. మొదటి యాభై పేజీల్లో ఊరి వర్ణన, వంశ చరిత్ర గుట్టలుగా పోసి, కథ ముదిరిన చోట వాదోపవాదాలతో పేజీలు పల్చబడటం మామూలే. కొందరు రచయితలది సరిగ్గా తిరగేసిన వ్యవహారం. మొదటి అధ్యాయంలోంచి పది పేజీలు వరసగా చూస్తే మొదటి అధ్యాయం గురించే తెలుస్తుంది.

'ఎక్కడో ఒకచోట' తెరవడం కూడా నమ్మదగ్గది కాదు. వాడిన పుస్తకం తనంతట తాను తెరుచుకునే చోట్లుంటాయి, బైండు విరిగిన చోటో, ఎవరో మడత పెట్టి వదిలేసిన చోటో. మన చెయ్యి కూడా అలవాటుగా మధ్యకే వెళుతుంది. పైగా తెరిచిన పేజీ అధ్యాయం చివరిదై, అరపేజీ తెల్లగా ఉంటే 'ఇది సరైన పేజీ కాదు' అని ముందుకు తిప్పేస్తాం. లెక్క చెడేది అక్కడే. ఆ అరపేజీ ఖాళీ కూడా పుస్తకంలో భాగమే. దాన్ని తప్పించిన ప్రతిసారీ మనం పాత తప్పుకే, ఆ ముప్ఫై నిండు లైన్లకే, ఒక అడుగు దగ్గరవుతాం. పూర్తిగా ఖాళీ పేజీ తగిలినా సున్నా అని రాసుకోవాలి తప్ప పక్క పేజీకి జరగకూడదు.

కాబట్టి పేజీలను ఎంచే పని మన చేతికీ కంటికీ కాకుండా అంకెలకు అప్పగించాలి. మన నవల్లో ముందు మాటలూ, అంకితమూ పోను కథ 17వ పేజీలో మొదలై 636లో ముగుస్తుంది. అంటే 620 పేజీలు. పది పేజీలు చూడాలంటే 62 పేజీలకొకటి. మొదటిది 17కీ 78కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. చీటీ వేస్తారో, జేబులో ఉన్న నోటు మీద ఆఖరి రెండంకెలు చూస్తారో మీ ఇష్టం. 43 వచ్చిందనుకుందాం. ఇక 43, 105, 167, 229 అలా 601 దాకా. ఈ పద్ధతిలో పుస్తకం మొదలూ, మధ్యా, చివరా అన్నీ వాటంతటవే లెక్కలోకి వస్తాయి.

ఆ పది పేజీల్లో నిండు లైన్లు ఇలా తేలాయి. అన్నిటికన్నా చిక్కటి పేజీలో 29, అన్నిటికన్నా పల్చటి దాంట్లో పన్నెండున్నర. ఆ పల్చటిది అధ్యాయం ముగిసిన పేజీ. పదీ కలిపితే 234.5, సగటున పేజీకి 23.45. దాన్ని 7.1తో గుణిస్తే పేజీకి 166 మాటల చిల్లర. 620 పేజీలకు లక్షా మూడు వేల పైచిలుకు. మొదట వచ్చిన లక్షా ముప్ఫై ఆరు వేలకూ దీనికీ తేడా ముప్ఫై మూడు వేల మాటలు. అనువాదకుడికి మాటకు రూపాయి చొప్పున ఇస్తామన్నా, ముప్ఫై మూడు వేల రూపాయల దగ్గర గొడవ వస్తుంది.

ఈ లక్షా మూడు వేలను మాత్రం ఎంతవరకు నమ్మొచ్చు? పేజీకీ పేజీకీ ఇంత తేడా ఉన్నప్పుడు పది పేజీలు కాస్త తక్కువే. మరో పది చూడాలి, అవి మొదటి వాటి మధ్యలో పడేలా. 43కి 31 కలిపి 74 నుంచి మొదలుపెట్టి మళ్ళీ 62 చొప్పున వెళితే సరి. ఈ రెండో పదిలో మొత్తం 241.5 నిండు లైన్లు వచ్చాయి. మొదటి పదీ రెండో పదీ విడివిడిగా చూసినా జవాబులు దగ్గరదగ్గరగా వచ్చాయి. ఒకటి లక్షా మూడు వేలు, ఇంకోటి లక్షా ఆరు వేలు. ఇలా రెండు విడతలుగా చేసి పోల్చుకోవడం మంచి పరీక్ష. ఒకటి తొంభై వేలూ ఇంకోటి లక్షా ఇరవై వేలూ వస్తే, పుస్తకం మనం అనుకున్నంత సమంగా లేదనీ, ఇంకా పేజీలు చూడాలనీ అర్థం. దగ్గరగా వచ్చినంత మాత్రాన మురిసిపోవడానికీ లేదు, కొంత అదృష్టం కూడా కలిసి ఉండొచ్చు.

ఇరవై పేజీలూ కలిపితే 476 నిండు లైన్లు, సగటు 23.8. లైనుకు 7.1 చొప్పున పేజీకి 169 మాటలు. 620తో గుణిస్తే 1,04,780. ఈ అంకెను ఇలాగే పైకి చెబితే అబద్ధం చెప్పినట్టే, ఆఖరి మూడంకెలకూ ఏ విలువా లేదు. పేజీల మధ్య ఉన్న తేడాలను బట్టీ, లైన్ల మధ్య ఉన్న ఊగిసలాటను బట్టీ గణాంక శాస్త్రం చెప్పే పరిమితి ఇక్కడ పదో వంతు అటూ ఇటూ వస్తుంది. అందుకని 'లక్షా అయిదు వేలు, పది వేలు అటో ఇటో' అనాలి. ఆ పది వేలను అయిదు వేలకు దించాలంటే పని రెట్టింపు చేస్తే చాలదు, నాలుగింతలు చేయాలి. ఎనభై పేజీలు, నూట ఇరవై లైన్లు. ఆ మాత్రం మెరుగు కోసం అంత శ్రమ అవసరమా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సింది. నన్నడిగితే ఇరవై పేజీల దగ్గర ఆగిపోతాను.

ఈ పద్ధతి మీ చేతిలో సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవాలంటే, టైపు ఫైలు కూడా దొరికే పుస్తకం మీద ఒకసారి ప్రయోగించి చూడండి. అంచనా కట్టాక ఫైలు తెరిచి కంప్యూటర్ చెప్పే సంఖ్యతో పోల్చండి. ప్రతిసారీ ఎక్కువే వస్తుంటే ఖాళీ లైన్లను ఉదారంగా వేస్తున్నారన్నమాట. సగం లైన్లను ముప్పావుగా చూడటం కంటికి సహజం.

పోల్చేటప్పుడు కంప్యూటర్ లెక్కకూ ఒక చిక్కుందని గుర్తుంచుకోవాలి. దానికి భాష రాదు. రెండు ఖాళీల మధ్య ఏముంటే అది ఒక మాట. విడిగా పెట్టిన గీతను కూడా మాటగానే లెక్కేస్తుంది. తెలుగులో ఖాళీ ఎక్కడ పెట్టాలన్నది టైపు చేసే వాళ్ళ చేతివాటాన్ని బట్టి మారుతుంది. ఒకరు 'చెప్పలేకపోయాడు' అని కలిపేస్తారు, ఇంకొకరు 'చెప్పలేక పోయాడు' అని విడదీస్తారు. 'అందుకనే', 'అందు కనే', 'ఇంటి ముందర', 'ఇంటిముందర' అన్నీ అచ్చులో కనిపిస్తాయి. రెండు లైన్లకు ఒక చోట ఇలా విడదీస్తే చాలు, లైనుకు 7.1 ఉన్నది 7.6 అవుతుంది. అంటే అదే నవల, ఒక్క అక్షరం మారకుండా, ఇంకో ముద్రణలో ఏడు వేల మాటలు పెరిగిపోతుంది. కనుక ఏది మాట అన్నది మొదటే ఒక నియమం పెట్టుకోవాలి. అచ్చులో ఖాళీ ఉంటే వేరు మాట, లేకపోతే ఒకటే, అంతే. ఇది వ్యాకరణం ఒప్పుకునే నియమం కాదు, కానీ ఇద్దరు మనుషులు విడివిడిగా లెక్కబెట్టినా ఒకే జవాబు వచ్చేది దీంతోనే.

ఇంగ్లీషు పుస్తకాలతో పోల్చేవాళ్ళు ఇక్కడే పప్పులో కాలేస్తారు. టైపు మిషన్ల కాలంలో ఇంగ్లీషు రాతప్రతికి ఒక సూత్రం ఉండేది. పేజీకి 25 లైన్లు, లైనుకు 60 అక్షరాల చోటు. మాటకు అయిదక్షరాలూ ఒక ఖాళీ చొప్పున లైనుకు పది మాటలు, పేజీకి 250. ఆ 250ని తెచ్చి తెలుగు పేజీకి అంటగడితే కుదరదు. ఇంగ్లీషులో విడివిడిగా ఉండే చిన్న చిన్న మాటలు చాలా వరకు మన దగ్గర నామవాచకానికో, క్రియకో అతుక్కుపోతాయి. 'ఇంట్లో' అన్న ఒక్క మాటకు అక్కడ మూడు పడతాయి. అందుకే అనువాదకులు బేరం కుదుర్చుకునేటప్పుడు మాట లెక్క మూలానిదా, అనువాదానిదా అని ముందే తేల్చుకుంటారు.

నవల కాకుండా, కింద తాత్పర్యాలతో అచ్చయిన పద్యకావ్యం చేతిలో ఉంటే పద్ధతి కొంచెం మారుతుంది. పద్యం పెద్దక్షరాల్లో, పొట్టి పాదాల్లో ఉంటుంది. ప్రతిపదార్థం చిన్నక్షరాల్లో, కొత్త లైను మొదలుపెట్టకుండా సాగిపోతుంది. తాత్పర్యం మళ్ళీ వేరే సైజు. మూడింటికీ కలిపి ఒకే సగటు పట్టుకుంటే అది దేనికీ సరిపోదు. ఎంచుకున్న పేజీల్లో ఏ రకం లైన్లు ఎన్నో విడివిడిగా రాసుకుని, రకానికొక 'లైనుకు ఇన్ని మాటలు' కట్టి, చివర్లో కలుపుకోవాలి. పద్యంలో సమాసాలు పొడుగు కనక పాదానికి మూడు నాలుగు మాటలకు మించకపోవడం తరచూ కనిపిస్తుంది. నిఘంటువులకూ ఇదే సూత్రం, కాకపోతే అక్కడ పేజీకి రెండు మూడు వరసలుంటాయి కనక లైన్లను వరస వారీగా చూడాలి.

ఈ లెక్క పుట్టింది పాఠకుల కోసం కాదు, ప్రెస్సు కోసం. రచయిత చేతిరాత కట్ట తెచ్చి బల్ల మీద పెడితే, అది ఎన్ని పేజీలవుతుందో, ఎంత కాగితం కావాలో ఒక్క అక్షరం కూడా కూర్చకముందే చెప్పాల్సి వచ్చేది. అక్కడ ఇదే పద్ధతి వెనక నుంచి నడుస్తుంది. చేతిరాత ప్రతిలో కొన్ని కాగితాలు తీసి, లైనుకెన్ని మాటలు, కాగితానికి ఎన్ని నిండు లైన్లు అని చూసి మొత్తం మాటలు కడతారు. అవి 52,500 తేలాయనుకోండి. పుస్తకం మనం పైన చూసిన నవల కొలతల్లోనే రావాలంటే పేజీకి 169 మాటలు, అంటే 311 పేజీలు. టైటిలు, ముందుమాట, విషయసూచికకు ఇంకో తొమ్మిది కలిపితే 320.

320 రావడం చాలా అనుకూలం. డెమ్మీ ఎనిమిదో వంతు సైజులో ఫారానికి 16 పేజీలు, కాబట్టి సరిగ్గా ఇరవై ఫారాలు. కానీ అంచనాలో పదో వంతు అటూ ఇటూ ఉందని ఇప్పుడే అనుకున్నాం. పుస్తకం 324 పేజీలకు పోయిందంటే ఆ నాలుగు పేజీల కోసం ఇరవై ఒకటో ఫారం ఎక్కించాలి, లేదా ఫారాన్ని కోసి అతికించే అదనపు పని పెట్టుకోవాలి. అందుకే అనుభవమున్న ప్రెస్సు వాళ్ళు ఒక అధ్యాయం పూర్తిగా కూర్చి ప్రూఫు తీసి, అది తాము లెక్కగట్టిన పేజీల్లోనే పట్టిందా, ఒకటీ అరా దాటిందా అని చూసుకుని గానీ కాగితానికి ఆర్డరివ్వరు. దాటితే పేజీకి ఒక లైను పెంచుతారు. ముప్ఫై బదులు ముప్ఫై ఒకటి పడితే 324 పేజీల సరుకు 314 దగ్గర ఆగుతుంది. మిగిలిన ఆరు పేజీల్లో రచయిత ఇతర రచనల జాబితా వేస్తారు.